బ్యాటరీది వోల్టేజీ, ఎండది కరెంటు: సోలార్ ప్యానెళ్ల సిరీస్, పారలల్ లెక్క

సోలార్ ప్యానెళ్లను ఒకదానికొకటి కలపడానికి రెండే పద్ధతులున్నాయి. ఒక ప్యానెల్ ప్లస్సును పక్కదాని మైనస్‌కు తగిలిస్తే అది సిరీస్. అప్పుడు వోల్టేజీలు కూడుకుంటాయి, కరెంటు మాత్రం ఒక్క ప్యానెల్ ఇచ్చేంతే ఉంటుంది. ప్లస్సులన్నిటినీ ఒకచోట, మైనస్సులన్నిటినీ ఇంకోచోట కలిపితే అది పారలల్. అప్పుడు కరెంట్లు కూడుకుంటాయి, వోల్టేజీ ఒక్క ప్యానెల్‌దే ఉంటుంది. ఇంతవరకు హైస్కూలు పాఠమే. ఆ ప్యానెళ్లను తెచ్చి బ్యాటరీకి తగిలించాక మీటరులో ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు కనిపించాలన్న ప్రశ్న దగ్గరే చిక్కు వస్తుంది. ప్యానెల్ వెనక అంటించిన చీటీ మీది అంకెలను కూడితే ఆ జవాబు రాదు.

చిక్కబళ్లాపురం జిల్లాలో ఈ లెక్క బాగా పనికొచ్చే చోటు పట్టుపురుగుల షెడ్డు. చింతామణి, శిడ్లఘట్ట వైపు ఊళ్లలో మల్బరీ తోట పక్కనే పెంపకపు షెడ్డు ఉంటుంది. పురుగులకు రాత్రిపూట కూడా ఆకు వేయాలి, గాలి ఆడాలి, వేడి మితిమీరకూడదు. ఊరికి దూరంగా తోటలో ఉన్న షెడ్డుకు లైన్ కరెంటు నమ్మకంగా రాదు కాబట్టి నాలుగు దీపాలకు, రెండు ఫ్యాన్లకు బ్యాటరీ పెట్టుకుని, దాన్ని పగలు ఎండతో నింపుకోవడం మంచి ఏర్పాటు. అలాంటి ఒక షెడ్డును ఉదాహరణగా తీసుకుని లెక్కను మొదటి నుంచి చివరిదాకా చేసి చూడవచ్చు.

షెడ్డు పైకప్పు మీద నాలుగు ప్యానెళ్లున్నాయి. ఒక్కొక్కటి 160 వాట్లది, 36 సెల్లులది. ప్యానెల్ వెనక చీటీ మీద నాలుగు అంకెలు ముఖ్యమైనవి. దేనికీ తగిలించకుండా కొలిస్తే 22 వోల్టులు. రెండు తీగలనూ నేరుగా కలిపేస్తే పారే కరెంటు 9.4 ఆంపియర్లు. ఎక్కువ పవరు ఇచ్చే చోట వోల్టేజీ 18, కరెంటు 8.9. ఈ చివరి రెండింటినీ గుణిస్తే 160 వాట్లు వస్తాయి. కింద షెడ్డులో 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉన్నాయి, అంటే 24 వోల్టుల బ్యాంకు. పైకప్పు నుంచి కింది పెట్టె దాకా 12 మీటర్ల దూరం, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. పెట్టెలో పీడబ్ల్యూఎం రకం చార్జ్ కంట్రోలర్ ఉంది. బ్యాటరీ ఇంకా నిండని వేళలో ఈ రకం కంట్రోలర్ చేసే పని ప్యానెల్ తీగలను బ్యాటరీ తీగలతో నేరుగా కలిపి ఉంచడమే. ప్యానెళ్ల నుంచి వచ్చే తీగ, బ్యాటరీ తీగ, దీపాల తీగ మూడూ కలిసే ప్లస్ పట్టీ, మైనస్ పట్టీల జంటే బస్. కనుక్కోవలసింది ఆ రెండు పట్టీల మధ్య వోల్టేజీ, వాటిలోకి వచ్చి పోయే కరెంట్లు.

ముందుగా ప్యానెల్ స్వభావం తెలియాలి. ప్యానెల్ అనేది స్థిరమైన వోల్టేజీ ఇచ్చే వస్తువు కాదు. దాన్ని కరెంటు ఇచ్చే వస్తువుగా చూడాలి. ఎండ ఎంత ఉంటే అంత కరెంటును అది తోస్తుంది. తన మీద ఎన్ని వోల్టులు పడుతున్నా, 18 వోల్టుల లోపు ఉన్నంతవరకు, ఆ కరెంటు పెద్దగా మారదు. ఈ షెడ్డు మీది ప్యానెల్‌కు 5 వోల్టుల దగ్గర 9.3 ఆంపియర్లు వస్తే 13 వోల్టుల దగ్గర 9.2 ఆంపియర్లు వస్తాయి. 18 దాటితే మాత్రం కరెంటు వేగంగా పడిపోయి, 22 దగ్గర సున్నా అవుతుంది. ఆ 18 దగ్గరున్న మలుపే ఈ లెక్కకంతటికీ కీలకం.

బ్యాటరీ స్వభావం దీనికి తలకిందులు. దానిలోకి ఎంత కరెంటు పోతున్నా, బయటికి ఎంత వస్తున్నా వోల్టేజీ తన చోటు నుంచి కొద్దిగానే కదులుతుంది. బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లోని చెరువుల్లో ఎంత ఎత్తు నుంచి కాలువ వచ్చి పడినా నీటిమట్టం చెరువుదే ఉంటుంది. కాలువ వల్ల తేలేది చెరువు ఎంత వేగంగా నిండుతుందన్నదే. బస్ మీద కూడా వోల్టేజీ బ్యాటరీది, కరెంటు ఎండది. ప్యానెళ్ల వరుసకు 36 వోల్టులు ఇచ్చే శక్తి ఉన్నా బ్యాటరీ దాన్ని తన దగ్గరికి, 26 వోల్టుల ప్రాంతానికి, లాగి కూర్చోబెడుతుంది.

ఇక ప్యానెళ్లను ఎలా కలపాలన్నది తేలాలి. నాలుగూ సిరీస్‌లో పెడితే చీటీ ప్రకారం 72 వోల్టులు, 8.9 ఆంపియర్లు. కాని పీడబ్ల్యూఎం కంట్రోలర్ ద్వారా 24 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఆ 72 ఎక్కడా కనిపించదు. బస్ 26 దగ్గర ఉంటుంది, కరెంటు ఒక్క ప్యానెల్‌ది, అంటే 9.2 ఆంపియర్లు. 9.2ను 26తో గుణిస్తే 239 వాట్లు. పైకప్పు మీద 640 వాట్ల ప్యానెళ్లు పెట్టి 239 వాట్లు దించుకోవడం అది.

నాలుగూ పారలల్‌లో పెట్టి, బ్యాటరీలను కూడా పారలల్‌లో 12 వోల్టులకు కలిపితే ఇంకో ఇబ్బంది. అప్పుడు తీగలో 36.8 ఆంపియర్లు పారాలి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 3.1 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. పోను 12, రాను 12, కలిపి 24 మీటర్లకు 0.074 ఓము. 36.8తో గుణిస్తే తీగలోనే 2.7 వోల్టులు పోతాయి. బస్ మీద 13 వోల్టులు ఉండాలంటే పైన ప్యానెల్ 15.7 దగ్గర పనిచేయాలి. మిట్టమధ్యాహ్నం సెల్లు 60 డిగ్రీలకు వేడెక్కితే ఆ 18 వోల్టుల మలుపు 15.5కు దిగివస్తుంది. అంటే ప్యానెల్ మలుపు దాటిపోయి, ఎండ బాగా కాసే గంటల్లోనే కరెంటు తగ్గడం మొదలవుతుంది. తీగను 16 లేదా 25 చదరపు మిల్లీమీటర్లకు మార్చాలి, దాని ఖరీదు వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి మధ్యే మార్గం. రెండేసి ప్యానెళ్లు సిరీస్‌లో ఒక వరుసగా, అలాంటి రెండు వరుసలు పారలల్‌లో. చీటీ లెక్కన 36 వోల్టులు, 17.8 ఆంపియర్లు. రెండు వరుసలనూ కలిపే ముందు ఒక్కో వరుసను విడిగా మల్టీమీటరుతో కొలవాలి. ఎండలో రెండూ 44 వోల్టులకు దగ్గరగా, ఒకదానికొకటి సమానంగా చూపాలి. ఒక వరుస 44 చూపి రెండోది దాదాపు సున్నా చూపితే, రెండో వరుసలో ఒక ప్యానెల్ ప్లస్, మైనస్‌లు తారుమారయ్యాయని అర్థం. రెండు ప్యానెళ్లూ ఒకదాని వోల్టేజీని ఒకటి రద్దు చేసుకుంటున్నాయి. ఆ స్థితిలో పారలల్ చేస్తే మంచి వరుస కరెంటు చెడ్డ వరుసలోకి వెనక్కి పారి వేడెక్కిస్తుంది.

ఇప్పుడు బస్ లెక్క. బ్యాటరీ ముప్పావు వంతు నిండి ఉంది. కరెంటు ఏమీ పారనప్పుడు బ్యాంకు వోల్టేజీ 25.0. చార్జింగ్ కరెంటు లోపలికి పోయేటప్పుడు ఎదురయ్యే నిరోధం, తీగలు, బిగింపులు, లోపలి రసాయనిక అడ్డు కలిపి, 0.1 ఓము అనుకుంటే నడివయసు బ్యాటరీకి సరిపోతుంది. దీపాలు, ఫ్యాన్లు కలిసి బస్ నుంచి 4 ఆంపియర్లు తీసుకుంటున్నాయి. ఎండ నిండుగా ఉంది.

తెలియని రాశులు రెండు: బస్ వోల్టేజీ, ప్యానెళ్ల కరెంటు. ఒకటి తెలియాలంటే రెండోది తెలియాలి అన్నట్టు కనిపిస్తుంది. దారేమిటంటే, ప్యానెళ్లు మలుపుకు లోపలే ఉన్నాయని ముందు అనుకోవాలి, లెక్క కట్టాలి, చివర ఆ అనుకోవడం నిజమేనా అని సరిచూడాలి. మలుపుకు లోపల ఒక్కో వరుస 9.2 ఆంపియర్లు ఇస్తుంది, రెండు వరుసలకు 18.4. 1845లో కిర్హాఫ్ చెప్పిన మొదటి నియమం ప్రకారం ఒక కూడలిలోకి వచ్చే కరెంటంతా అందులోంచి పోవలసిందే. బస్‌లోకి 18.4 వచ్చింది, దీపాలకు, ఫ్యాన్లకు 4 పోయింది, మిగిలిన 14.4 బ్యాటరీలోకి. ఆ 14.4ను 0.1 ఓముతో గుణిస్తే 1.44 వోల్టులు. దాన్ని 25.0కు కలిపితే బస్ వోల్టేజీ 26.44.

ఇక సరిచూడటం. తీగలో 18.4 ఆంపియర్లకు 0.074 ఓముల నిరోధం వల్ల 1.36 వోల్టులు పోతాయి. అంటే పైకప్పు మీద ప్యానెళ్ల దగ్గర 27.8 వోల్టులు ఉండాలి. చల్లని ప్యానెళ్ల మలుపు 36 దగ్గర. వేడెక్కి 60 డిగ్రీలకు వస్తే, డిగ్రీకి నూటికి 0.4 వంతు చొప్పున 35 డిగ్రీలకు నూటికి 14 తగ్గి, మలుపు 31కి వస్తుంది. 27.8 ఇంకా 31 లోపలే ఉంది. మొదట అనుకున్నది నిజమే, లెక్క సరిపోయింది. 12 వోల్టుల బ్యాటరీకి 36 సెల్లుల ప్యానెల్ వాడటంలోని కారణం ఈ మూడు వోల్టుల మిగులే. 12 వోల్టుల బ్యాటరీకి 18 వోల్టుల ప్యానెల్ ఎందుకని కొనేవారికి వచ్చే సందేహం సహజమే, జవాబు వేడిలోనూ తీగలోనూ ఉంది.

14.4 ఆంపియర్ల చార్జింగ్ కరెంటు ఈ బ్యాటరీకి తగినది కూడా. 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీకి పదోవంతు, అంటే 15 ఆంపియర్ల దగ్గర చార్జింగ్ మామూలుగా సూచించే కొలత.

ఎండ తగ్గితే ఏమవుతుందో కూడా ఇదే దారిలో చూడవచ్చు. మబ్బు పట్టి వెలుగు సగమైతే ప్యానెళ్ల కరెంటు 9.2 అవుతుంది. దీపాలకు, ఫ్యాన్లకు 4 పోను బ్యాటరీకి 5.2. బస్ 25.52. బ్యాటరీలోకి పోయే కరెంటు దాదాపు మూడోవంతుకు పడిపోయింది, బస్ వోల్టేజీ ఒక్క వోల్టు కూడా తగ్గలేదు. ఇంకా పొద్దువాలి ప్యానెళ్లు సరిగ్గా 4 ఆంపియర్లు ఇచ్చే క్షణంలో బ్యాటరీలోకి ఏమీ పోదు, దాన్నుంచి ఏమీ రాదు, బస్ 25.0 చూపుతుంది. చీకటి పడ్డాక ఆ 4 ఆంపియర్లూ బ్యాటరీవే, బస్ 25కు కొంచెం కిందికి దిగుతుంది. బ్యాటరీ నిండే వేళను పక్కన పెడితే, పగలూ రాత్రీ కలిపి చూసినా బస్ వోల్టేజీ తిరిగేది ఒకటిన్నర, రెండు వోల్టుల మధ్యే. అందుకే వోల్టు మీటరును మాత్రమే చూసి సోలార్ బాగా పనిచేస్తోందని తృప్తిపడితే మోసపోయినట్టే. ప్యానెళ్ల క్షేమం చెప్పేది ఆంపియర్ల మీటరు.

దీనికి నీడ మంచి ఉదాహరణ. ఈ జిల్లాలో పొలం గట్ల మీద నీలగిరి చెట్లు ఎక్కువ, పొడుగ్గా పెరుగుతాయి, సాయంత్రం నీడలు దూరం పోతాయి. ఒక నీడ ఒక ప్యానెల్ మీద అడ్డంగా పడి దాని రెండు సగాలనూ తాకిందనుకోవాలి. సిరీస్‌లో అన్ని సెల్లుల గుండా ఒకటే కరెంటు పారాలి కాబట్టి నీడలో ఉన్న సెల్లు ఎంత ఇస్తే వరుసంతా అంతే. ప్యానెల్ వెనక పెట్టెలో ఉండే బైపాస్ డయోడ్లు నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పించి కరెంటుకు దారి ఇస్తాయి. కాని తప్పించాక ఆ వరుసలో పనిచేసే ప్యానెల్ ఒక్కటే మిగులుతుంది, దాని దగ్గర ఉన్నది గరిష్ఠంగా 22 వోల్టులు. బస్ 25 పైన ఉంది. 22 నుంచి 25కు కరెంటు ఎక్కదు. నీడలో పడే కాస్త వెలుతురుకు తగ్గ ఆంపియరు ఒక్కటే ఆ వరుస నుంచి వస్తుంది. ఒక్క ప్యానెల్ మీద నీడకు రెండు ప్యానెళ్ల నష్టం. రెండో వరుస 9.2, ఇది 1, కలిపి 10.2. బ్యాటరీకి 6.2, బస్ 25.62.

ఈ అంకెలు మబ్బు పట్టినప్పటి అంకెల్లాగే ఉన్నాయి. తేడా తెలియాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరును ఒక్కో వరుస తీగకు విడివిడిగా తగిలించాలి. మబ్బయితే రెండు వరుసలూ సమానంగా తగ్గుతాయి. నీడ, వదులైన కనెక్టరు, పక్షి రెట్టతో కప్పుకుపోయిన సెల్లు అయితే ఒక వరుసే తగ్గుతుంది. బండల క్వారీలు, జెల్లీ క్రషర్లు దగ్గరున్న ఊళ్లలో దుమ్ము ప్యానెళ్లన్నిటి మీదా సమానంగా పడుతుంది. అప్పుడు రెండు వరుసలూ మబ్బులాగే తగ్గుతాయి, కడిగాక పెరుగుతాయి. కొలిచేటప్పుడు కరెంటు పారుతున్న కనెక్టరును ఎండలో ఊడదీయకూడదు. డీసీ నిప్పు ఒకసారి లేచాక ఏసీలాగా తనంతట తాను ఆరదు. ఇళ్లలో వాడే ఏసీ ఎంసీబీని ఇక్కడ పెట్టకూడదన్నదీ అందుకే, డీసీకి తయారుచేసిందే ఉండాలి.

బస్ వోల్టేజీ బ్యాటరీదే అన్న మాట నిజమెంతో బ్యాటరీ లేనప్పుడు బయటపడుతుంది. ట్యూబులర్ బ్యాటరీ సీసపు టెర్మినల్ మీద ఆమ్లపు ఆవిరికి తెల్లటి, పచ్చటి బూజులాంటి తుప్పు పట్టి బిగింపు వదులవుతుంది. నిండు ఎండలో అది తెగిపోతే బస్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ప్యానెళ్లు 18 ఆంపియర్లు తోస్తున్నాయి, దీపాలకు, ఫ్యాన్లకు కావలసింది 4. మిగిలిన కరెంటుకు చోటు లేక వోల్టేజీ మలుపు దాటి పైకి పోతుంది, కంట్రోలర్ వెంటనే తెంచకపోతే 40 వోల్టుల దగ్గరికి చేరుతుంది. 24 వోల్టుల దీపాలు, ఫ్యాన్ల ఎలక్ట్రానిక్స్ ఒక్కసారిగా కాలిపోతే మొదట చూడవలసింది బ్యాటరీ టెర్మినళ్లను, బ్యాటరీ ఫ్యూజును. కంట్రోలర్‌కు తీగలు బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెళ్లు, విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లు అన్న వరుస కూడా ఇందుకే వచ్చింది.

బ్యాటరీ నిండే సమయానికి కథ కొంచెం మారుతుంది. బస్ 28.8 వోల్టులకు చేరగానే కంట్రోలర్ దాన్ని అక్కడ ఆపి, ప్యానెళ్లను క్షణానికి ఎన్నోసార్లు కలుపుతూ, తెంచుతూ కరెంటును తగ్గిస్తూ పోతుంది. ఆ గంటల్లో తక్కువ ఆంపియర్లు కనిపించడం లోపం కాదు. తక్కువ ఆంపియర్లు, 28.8 వోల్టులు కలిసి కనిపిస్తే బ్యాటరీ నిండుతోంది. తక్కువ ఆంపియర్లు, 25.5 వోల్టులు కలిసి కనిపిస్తే ప్యానెళ్ల వైపు వెతకాలి.

పీడబ్ల్యూఎం బదులు ఎంపీపీటీ కంట్రోలర్ పెడితే ప్యానెళ్ల వైపు వోల్టేజీకి, బస్ వోల్టేజీకి ముడి తెగిపోతుంది. అది ప్యానెళ్లను వాటి మలుపు దగ్గరే పనిచేయించి, ఎక్కువ వోల్టులను తక్కువ వోల్టులుగా, తక్కువ ఆంపియర్లను ఎక్కువ ఆంపియర్లుగా మార్చి బస్‌కు ఇస్తుంది. ఇప్పుడు లెక్క వాట్లది. వేడి మధ్యాహ్నం 640 వాట్ల ప్యానెళ్లు సుమారు 550 వాట్లు ఇస్తాయి. తీగలో 23 వాట్లు పోగా 527, కంట్రోలర్‌లో నూటికి 4 పోగా 506 వాట్లు. బస్ 26.5 వోల్టులు అనుకుని భాగిస్తే 19.1 ఆంపియర్లు. పీడబ్ల్యూఎంతో వచ్చింది 18.4. వేసవిలో, 36 సెల్లుల ప్యానెళ్లతో, లాభం ఒక ఆంపియరు కూడా లేదు. డిసెంబరులో గాలి చల్లగా ఉండి సెల్లు 45 డిగ్రీల దగ్గర ఆగితే 20 ఆంపియర్లు దాటుతుంది. అందుకే ఇప్పటికే 36 సెల్లుల ప్యానెళ్లున్నవారు కంట్రోలర్ మార్చుకోవడానికి తొందరపడనక్కరలేదు.

కాని నేడు బజారులో ఎక్కువగా దొరికే పెద్ద ప్యానెళ్లు 60 సెల్లులవి, 72 సెల్లులవి, లేదా వాటినే సగాలుగా కోసి 120, 144 చేసినవి. 60 సెల్లుల ప్యానెల్ మలుపు 31 వోల్టుల దగ్గర ఉంటుంది, వేడిలో 27కు దిగుతుంది. ఒక్కటి పెడితే 24 వోల్టుల బ్యాంకును నింపే గంటల్లోనే కరెంటు తగ్గిపోతుంది, రెండు సిరీస్‌లో పెట్టి పీడబ్ల్యూఎంకు ఇస్తే సగానికి పైగా పవరు వృథా. వాటికి ఎంపీపీటీ తప్పదు.

ఎంపీపీటీ ఉంటే నాలుగు ప్యానెళ్లనూ ఒకే సిరీస్‌లో పెట్టవచ్చు. తీగలో 8.9 ఆంపియర్లే పారుతాయి, నష్టం 23 వాట్ల నుంచి 6 వాట్లకు పడిపోతుంది. తుముకూరు జిల్లా పావగడలో 2050 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి పెద్ద కేంద్రాల్లో ప్యానెళ్లను పొడవాటి సిరీస్ వరుసలుగా కట్టేది ఈ లాభం కోసమే. అక్కడ బస్‌ను పట్టి ఉంచేది బ్యాటరీ కాదు, ఇన్వర్టరు.

సిరీస్ పొడవుకు హద్దు చలి పెడుతుంది. కంట్రోలర్ మీద 100 వోల్టులు అని రాసి ఉంటే అది ఏ క్షణంలోనూ దాటకూడని హద్దు. చల్లబడిన కొద్దీ ప్యానెల్ ఖాళీ వోల్టేజీ డిగ్రీకి నూటికి 0.3 వంతు చొప్పున పెరుగుతుంది. చిక్కబళ్లాపురం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సెల్లు 10 డిగ్రీలకు చల్లబడగలదని లెక్కలో వేసుకోవాలి. పొద్దు పొడిచిన వెంటనే, వెలుగు ఇంకా పలచగా ఉన్నప్పుడే, ఖాళీ వోల్టేజీ దాదాపు నిండుగా వచ్చేస్తుంది. నాలుగు ప్యానెళ్లకు 88 వోల్టులు, 15 డిగ్రీల చలికి నూటికి నాలుగున్నర కలిపితే 92. హద్దు లోపలే ఉంది. ఇంకో ప్యానెల్ కొని అదే వరుసలో చేరిస్తే 110, చలిలో 115 వోల్టులు. ఆ కంట్రోలర్ మొదటి ఉదయమే పోతుంది. పెంచాలనుకుంటే మళ్లీ రెండేసి ప్యానెళ్ల వరుసలుగా విడదీసి, అలాంటి వరుసనే మూడోదిగా పారలల్‌లో చేర్చాలి. మూడు వరుసలయ్యాక ఒక్కో వరుసకూ డీసీ ఫ్యూజు కూడా ఉండాలి, ఎందుకంటే ఒక వరుస దెబ్బతింటే మిగిలిన రెండింటి 18.8 ఆంపియర్లు దానిలోకే పారుతాయి, చాలా ప్యానెళ్ల చీటీ మీద అనుమతించిన ఫ్యూజు 15 ఆంపియర్లే.